14 రోజులు ఫ్రీ అన్నవాళ్లు పిన్ ఎందుకు అడుగుతున్నారు?

*అక్కా, మేం మారతహళ్లిలో ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు అమ్ముతున్నాం. నెలాఖరుకి ఇచ్చే ఖాతాలే ఎక్కువ, నోట్‌బుక్‌లో లెక్క కుదరడం లేదు. ఫోన్లో ఓ బిల్లింగ్ యాప్ వేసుకుంటే '14 రోజులు ఫ్రీ' అంటూనే యూపీఐ పిన్ కొట్టమంటోంది. ఫ్రీలో ఏమిస్తారు, ఏవి ఇవ్వరు? 15వ రోజు మా డబ్బు వాళ్లే తీసేసుకుంటారా? మా ఆయన అసలు వద్దంటున్నారు.*
*— ఓ పాఠకురాలు, బెంగళూరు*

అమ్మా, ముందుగా మీ వారి భయం గురించి చెబుతాను. ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది. మీరు పిన్ కొట్టిన రోజున పోయేది ఒకటో రెండో రూపాయలే. చాలాసార్లు అవి కూడా వెనక్కి వస్తాయి. కానీ ఆ పిన్‌తో మీరు ఇస్తున్నది రెండు రూపాయలు కాదు, ఆటోపేకి అనుమతి. 'ఫలానా తేదీ నుంచి, ఇంత మొత్తం దాకా, నన్ను మళ్లీ అడగకుండా తీసుకోవచ్చు' అని బ్యాంకుకు మీరే చెబుతున్నారు. దీన్నే మాండేట్ అంటారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి చందాలకు 15,000 రూపాయల లోపు మొత్తమైతే, మొదటిసారి అనుమతి ఇచ్చాక ప్రతిసారీ పిన్ అక్కర్లేదు. మీ యాప్ ఏడాది ధర అంతకంటే చాలా తక్కువే ఉంటుంది కాబట్టి, గడువు రోజున ఫోన్ పిన్ అడుగుతుందిలే, అప్పుడు చూసుకుందాం అనుకుంటే కుదరదు.

అందుకే పిన్ కొట్టే ముందు ఆ స్క్రీన్ మీద ఒక్క నిమిషం ఆగండి. పైన పెద్ద అక్షరాల్లో 2 రూపాయలని ఉంటుంది, కళ్లు అక్కడే ఆగిపోతాయి. దాని కింద చిన్నగా నాలుగు సంగతులు ఉంటాయి. ఎంత వరకు తీసుకోవచ్చు, ఎన్నాళ్లకోసారి, ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా. ఈ 'ఎంత వరకు' అన్నది మీరు అనుకున్న ధర కంటే ఎక్కువగా కనిపించవచ్చు. మొదటి ఏడాది తగ్గింపు ధరకి ఇచ్చి, రెండో ఏడాది పూర్తి ధర తీసుకోవాలంటే వాళ్లకు ఆ ఖాళీ కావాలి మరి. అది పరిమితి మాత్రమే, అంతా ఒకేసారి లాగేస్తారని కాదు. 'ఎన్నాళ్లకోసారి' అన్నచోట నెలకోసారి అని కాకుండా ఏడాదికోసారి అని ఉంటే మాత్రం అక్కడే ఆగి లెక్క వేయండి.

ఎందుకంటే ధర చెప్పే తీరు ఒకటి ఉంటుంది. 'నెలకు 249 మాత్రమే' అని రాస్తారు. ఏడాదికి ఒకేసారి కడితేనే ఆ ధర అన్న మాట దాని కింద లేత రంగులో ఉంటుంది. 249ని 12తో గుణిస్తే 2,988. దాని మీద 18 శాతం జీఎస్టీ 537 రూపాయల 84 పైసలు. మొత్తం 3,525 రూపాయల 84 పైసలు. 15వ రోజు మీ ఖాతాలోంచి ఒక్క దెబ్బకు వెళ్లేది ఇదీ, 249 కాదు. మీకు జీఎస్టీ నంబర్ లేకపోతే ఆ 537 రూపాయలు సర్దుబాటు చేసుకునే దారి కూడా ఉండదు, అది కూడా ఖర్చు కిందే రాసుకోవాలి. అదే యాప్‌లో నెలనెలా కట్టే ప్లాన్ 399 అనుకోండి, జీఎస్టీతో 470 రూపాయల 82 పైసలు అవుతుంది. నెల లెక్కన ఇది ఎక్కువే. అయినా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మొదటి రెండు మూడు నెలలు ఇదే మేలని నేను చెబుతాను. నచ్చకపోతే పోయేది 470తోనే ఆగుతుంది.

ఇక ఫ్రీలో ఏమిస్తారన్న సంగతి. ఫ్రీ ట్రయల్ వేరు, ఫ్రీ ప్లాన్ వేరు. ఫ్రీ ప్లాన్ అంటే ఎప్పటికీ ఉచితం, కానీ చాలా కొంచెమే ఇస్తారు. ట్రయల్ అంటే డబ్బు కట్టేవాళ్లకిచ్చే సరుకునే కొన్నాళ్లు తెరిచి చూపించడం. కొన్ని యాప్‌లు పేమెంట్ వివరాలేవీ అడగకుండానే ట్రయల్ ఇస్తాయి. వాటిలో గడువు అయిపోతే యాప్ మూసుకుపోతుంది, లేదా ఫ్రీ ప్లాన్‌లోకి దిగిపోతుంది, డబ్బు మాత్రం పోదు. మాండేట్ తీసుకున్న ట్రయల్ అలా కాదు. మీరు ఆపకపోతే దానంతట అదే డబ్బు కట్టే ప్లాన్‌గా మారిపోతుంది.

మీలాంటి వ్యాపారానికి కావాల్సిన రోజువారీ పనులన్నీ ట్రయల్‌లో దాదాపు తెరిచే ఉంటాయి. సరుకుల పేర్లు, ధరలు ఎక్కించడం, బిల్లు కొట్టడం, దాన్ని వాట్సాప్‌లో పంపడం, ఎవరు ఎంత బాకీ ఉన్నారో చూడటం, రోజు మొత్తం అమ్మకం తెలుసుకోవడం. ఇవి తెరిచి ఉంచడం వాళ్లకే లాభం. మీ కస్టమర్ల ఖాతాలు ఎంత ఎక్కువగా అందులోకి ఎక్కితే, మీరు వదిలి వెళ్లడం అంత కష్టమవుతుంది.

తాళం వేసేవి ఏవో కూడా కాస్త ఆలోచిస్తే తెలిసిపోతుంది. వాడినప్పుడల్లా కంపెనీకి చేతి ఖర్చు అయ్యేవి మొదటి రకం. కస్టమర్లకు దానంతట అదే వెళ్లే బాకీ ఎస్సెమ్మెస్సులు అలాంటివి. అందుకే అవి ట్రయల్‌లో అసలు ఉండవు, ఉన్నా పదో ఇరవయ్యో ఇచ్చి ఆపేస్తారు. వాళ్ల మనిషి కూర్చుని చేయాల్సినవి ఇంకో రకం, మీ పాత నోట్‌బుక్ లెక్కలు ఎక్కించిపెట్టడం, ఫోన్లో మాట్లాడి నేర్పించడం లాంటివి. బిల్లు అడుగున వాళ్ల యాప్ పేరు తీసేయడం, రెండో ఫోన్లో అదే ఖాతా తెరవడం కూడా చాలా యాప్‌లలో పై ప్లాన్లకే ఉంచుతారు. చివరగా, నా లెక్క ప్రకారం అన్నిటికంటే ముఖ్యమైనది, మీ సమాచారం మొత్తం ఎక్సెల్ ఫైలుగా బయటికి తీసుకునే బటన్. దాని పక్కన చిన్న కిరీటం బొమ్మో తాళం బొమ్మో ఉంటుంది. నొక్కితే ఫైలు రాదు, ప్లాన్ల ధరల పట్టిక వస్తుంది.

ఈ బటన్ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను బీటీఎం లేఅవుట్‌లో మనవాళ్ల కర్రీ పాయింట్ ఒకదానికి లెక్కలు చూసేదాన్ని. వాళ్లు ఒక యాప్ ట్రయల్ తీసుకుని, పక్క పీజీల్లో ఉండే పిల్లల ఖాతాలు 63 అందులోకి ఎక్కించారు. ఓనరు ఫోన్లో ఒకటి, కౌంటర్ దగ్గర కుర్రాడి ఫోన్లో ఒకటి, రెండు చోట్లా అదే ఖాతా చక్కగా నడిచింది. గడువు దగ్గరపడేసరికి అందరికీ అలవాటైంది, అన్నిటికంటే తక్కువ ధర ఉన్న ప్లాన్‌కి డబ్బు కట్టేశారు. కట్టిన సాయంత్రమే కుర్రాడి ఫోన్లోంచి ఖాతా బయటికి వచ్చేసింది. అడిగితే తేలిందేమంటే, ట్రయల్‌లో వాళ్లకు చూపించింది అన్నిటికంటే ఖరీదైన ప్లాన్. రెండు ఫోన్లు అందులోనే పనిచేస్తాయి. మేం కట్టింది కింది ప్లాన్‌కి. సరే, వేరేదానికి మారదాం అనుకుంటే ఎక్సెల్ బటన్ కూడా ఆ పై ప్లాన్‌లోనే ఉంది. తెర మీద 63 ఖాతాలూ కనిపిస్తున్నాయి, బయటికి మాత్రం రావు. చివరికి నేనూ ఆ కుర్రాడూ రెండు సాయంత్రాలు కూర్చుని, ఒక్కో పేరూ చూస్తూ కాగితం మీద రాసుకున్నాం. అప్పుడు పడ్డ బాధ ఇంకా గుర్తుంది. అది మీకు రాకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి ట్రయల్ మొదలుపెట్టిన రోజునే మీ కస్టమర్లందరినీ ఎక్కించకండి. ఐదుగురిని, ఓ పది సరుకులను మాత్రమే పెట్టండి. ఆవకాయ అర కిలో, కిలో రెండు ధరలు, కందిపొడి, కరివేపాకు పొడి, ఇలా మీకు నిజంగా చిక్కు తెచ్చేవే పెట్టండి. ఒకరికి అరువు బిల్లు కొట్టండి, వాళ్లు సగం కట్టినట్టు రాయండి, మిగిలిన బాకీ సరిగ్గా చూపిస్తోందో లేదో చూడండి. ఒక బిల్లు తప్పు కొట్టి దిద్దండి. ఆ తర్వాత అదే రోజు ఎక్సెల్‌గా తీసే బటన్ నొక్కండి. ఫైలు వస్తే దాన్ని తెరిచి, పేర్లు, ఫోన్ నంబర్లు, బాకీలు మూడూ ఉన్నాయో లేదో చూడండి. కొన్ని యాప్‌లు బాకీల మొత్తం ఒక్కటే ఇచ్చి, ఏ రోజు ఏం కొన్నారన్న వివరం వదిలేస్తాయి. ఎక్సెల్‌కి తాళం ఉంటే, ఒక్కో కస్టమర్ ఖాతాను పీడీఎఫ్‌గా పంపుకునే వీలుందేమో చూడండి, అది చాలాచోట్ల తెరిచే ఉంటుంది. అరవై మంది ఉంటే అరవై సార్లు నొక్కాలి, నిజమే, కానీ చేతిరాత కంటే నయం. అదీ లేదంటే ఆ యాప్‌ని అక్కడే వదిలేయమంటాను.

మొదటి రోజు ఇంకో పని కూడా ఉంది. కంపెనీ వాళ్లకు యాప్‌లోని సహాయం దగ్గర రాతపూర్వకంగా రెండు ప్రశ్నలు పంపండి. 'ఇప్పుడు నాకు ట్రయల్‌లో కనిపిస్తున్నది ఏ ప్లాన్? నేను తీసుకోబోయే ప్లాన్‌లో రెండో ఫోన్ పనిచేస్తుందా, ఎక్సెల్ వస్తుందా?' మీ వారు డెలివరీకి వెళ్లినప్పుడు ఆయన ఫోన్లోంచి కూడా బిల్లు కొట్టాలి కదా, మీకు ఇది ముఖ్యం. జవాబు ఫోన్లో చెబుతామంటే సరేనని విని, దాన్నే మెసేజ్‌గా పంపమనండి.

ఇప్పుడు డబ్బు ఎలా కదులుతుందో చూద్దాం. మీరు నెలలో 3వ తేదీ సాయంత్రం ఏడింటికి ట్రయల్ మొదలుపెట్టారనుకోండి. కొందరు గంటల లెక్కన 17వ తేదీ సాయంత్రం ఏడు దాకా ఇస్తారు. మరికొందరు మొదలుపెట్టిన రోజునే మొదటి రోజుగా లెక్కించి 16 అర్ధరాత్రికే ముగిస్తారు. మీ వేళ్ల మీద లెక్క కాదు, యాప్‌లో ప్లాన్ వివరాల దగ్గర ట్రయల్ ముగిసే తేదీ ఏమని ఉందో చూసి క్యాలెండర్ మీద రాయండి.

డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందుగా మీకు సమాచారం రావాలని రిజర్వు బ్యాంకు నిబంధన. 2021 అక్టోబర్ నుంచి ఇది అమల్లో ఉంది. ఎవరు తీసుకుంటున్నారు, ఎంత, ఏ తేదీన అన్నవి అందులో ఉండాలి, వద్దనుకుంటే ఆపే దారి కూడా ఉండాలి. అంటే 17న డబ్బు పోయేదైతే, 16 సాయంత్రానికి ముందే ఒక మెసేజ్ మీ ఫోన్లో ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే, అది లోన్ ఆఫర్లు, చీరల సేల్ మెసేజ్‌ల మధ్యలో వచ్చి పడుతుంది. పైగా అందులో యాప్ పేరు కాకుండా దాన్ని నడిపే కంపెనీ అసలు పేరు ఉండవచ్చు, చూసి కూడా మనది కాదనుకుంటాం. మాండేట్ ఇచ్చేటప్పుడు స్క్రీన్ మీద ఏ పేరు ఉందో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే, ఆ మెసేజ్‌ని గుర్తుపట్టగలుగుతారు.

ఆ మెసేజ్ కోసం ఎదురుచూడొద్దు. గడువుకి రెండు రోజుల ముందే, అంటే 15న, తేల్చుకోండి. ఐఫోన్ అయితే యాపిల్ వాళ్లు కూడా ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేసుకోవాలనే చెబుతారు.

రద్దు ఎక్కడ చేయాలన్నది మీరు డబ్బుకి అనుమతి ఎక్కడ ఇచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. చాలామంది తడబడేది ఇక్కడే. ప్లే స్టోర్ ద్వారా ఇచ్చి ఉంటే, ప్లే స్టోర్ తెరిచి పైన మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, Payments & subscriptions, అందులో Subscriptions, అక్కడ ఆ యాప్ పేరు నొక్కితే Cancel subscription కనిపిస్తుంది. యాప్‌లోనే నేరుగా యూపీఐతో ఇచ్చి ఉంటే, ముందు ఆ యాప్‌లోని ప్లాన్ పేజీలో రద్దు చేయాలి. ఆ తర్వాత మీ యూపీఐ యాప్ ప్రొఫైల్‌లో Autopay అనే చోటికి వెళ్లి ఆ మాండేట్ ఇంకా బతికే ఉందేమో చూసి, ఉంటే దాన్నీ రద్దు చేయాలి. మాండేట్ ఒక్కటే తీసేస్తే డబ్బు ఆగుతుంది కానీ, కంపెనీ లెక్కలో మీరు ఇంకా చందాదారే. బాకీ ఉన్నారని మెసేజ్‌లు పంపుతూనే ఉంటారు. ఇక ఫోన్లోంచి యాప్ తీసేస్తే ఏదీ ఆగదు. నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది చేసిన పొరపాటు ఇదే. యాప్ తీసేశాం కదా అని నిశ్చింతగా ఉన్నారు, డబ్బు పోయింది.

మొదటి రోజే రద్దు చేసి 14 రోజులూ వాడుకోవచ్చా అని మీకు అనిపించవచ్చు. ప్లే స్టోర్ ద్వారా తీసుకున్నవి చాలావరకు గడువు దాకా నడుస్తాయి. నేరుగా తీసుకున్నవాటిలో కొన్ని, రద్దు నొక్కిన క్షణమే మూసేస్తాయి. రద్దుని ఖాయం చేయమని అడిగే ఆఖరి స్క్రీన్ మీద ఫలానా తేదీ దాకా వాడుకోవచ్చని రాసి ఉంటే నిశ్చింతగా నొక్కండి. ఏ తేదీ లేకపోతే ఆగి, గడువుకి రెండు రోజుల ముందు దాకా ఉండండి.

ఆ చివరి రోజుల్లో కంపెనీ వాళ్లు ఫోన్ చేస్తారు, ఈ రోజే కడితే తగ్గింపు అంటారు. తొందరపడొద్దు. ఇంకో వారం ట్రయల్ పొడిగించమని మీరే అడగండి. చిన్న కంపెనీలు చాలాసార్లు సరేనంటాయి. పొడిగిస్తే మాండేట్‌లో డబ్బు తీసే తేదీ కూడా జరిగిందో లేదో యూపీఐ యాప్‌లో చూసుకోండి. మాట మీద పొడిగించి, తేదీ మార్చడం మర్చిపోయినవాళ్లు ఉన్నారు.

ఒకవేళ డబ్బు వెళ్లిపోయినా చేతులు ముడుచుకోనక్కర్లేదు. ప్లే స్టోర్ ద్వారా పోతే 48 గంటల లోపు గూగుల్‌నే వాపసు అడగవచ్చు, ఆ తర్వాతైతే యాప్ తయారుచేసినవాళ్లను అడగాలి. నేరుగా పోయినదైతే అదే రోజు కంపెనీకి రాయండి, ట్రయల్ తర్వాత ఒక్క బిల్లు కూడా కొట్టలేదని చూపించగలిగితే మీ మాటకు బలం ఉంటుంది. బ్యాంకును అడిగితే, మీరే పిన్ కొట్టి అనుమతి ఇచ్చారు, ముందు మెసేజ్ కూడా వచ్చింది అంటారు. ఆ రెండూ నిజమైతే వాళ్లు చేయగలిగింది తక్కువ. మెసేజ్ అసలు రాకపోతేనో, మీరు రద్దు చేశాక కూడా తీసేస్తేనో అప్పుడు బ్యాంకులో ఫిర్యాదు గట్టిగా నిలుస్తుంది. రద్దు బటన్ దాచేయడం, రద్దుని తిప్పలు పెట్టే పనిగా చేయడం, ఉచిత చందాకి ఆటో డెబిట్ అనుమతి బలవంతంగా అడగడం, ఇవన్నీ 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం తప్పు పద్ధతులే. అలాంటిది ఎదురైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. రద్దు చేసిన స్క్రీన్ ఫొటోలు దగ్గర పెట్టుకుని చేయండి.

ఇక మీ వారితో ఏం చెప్పాలంటే, ముందు పిన్ అడగని ట్రయల్ ఇచ్చే బిల్లింగ్ యాప్ ఏదైనా ఉందేమో ఇద్దరూ కలిసి వెతకండి. మీ అవసరానికి అది సరిపోతే మాండేట్ గొడవే లేదు. ఈ యాపే కావాలనుకుంటే, అసలు ఖాతా ఉన్న బ్యాంకుతో కాకుండా, తక్కువ డబ్బు ఉంచే వేరే ఖాతా ఏదైనా ఉంటే దానితో మాండేట్ ఇవ్వండి. నెలవారీ ప్లాన్ ఎంచుకోండి. ఇంట్లో పని ఎక్కువగా ఉన్న రోజుల్లోనే మొదలుపెట్టండి, ఖాళీ రోజుల్లో పెడితే 14 రోజులూ మూడు బిల్లులతో గడిచిపోతాయి, యాప్ సత్తా ఏమిటో తెలియదు. ఆ 14 రోజులూ నోట్‌బుక్ కూడా రాస్తూనే ఉండండి. గడువుకి రెండు రోజుల ముందు రాత్రి రెండూ పక్కపక్కన పెట్టుకుని ఐదుగురి బాకీలు సరిపోయాయో లేదో చూడండి. సరిపోయి, ఎక్సెల్ కూడా వస్తుంటే మిగతావాళ్లను ఎక్కించండి. లేదంటే ఆ రాత్రే రద్దు చేసి, Autopay పేజీలో ఆ పేరు పోయిందని ఆయనకు చూపించండి.